గాడి, గడ్డి తెలిసిన నోటికి ఇటాలియన్ ఒత్తు

ప్రశ్న: పాడువాలో ఎం.ఎస్. చేస్తున్నాను. ఇటాలియన్ మొదలుపెట్టి ఐదు నెలలైంది. ఒత్తులు మన తెలుగువాళ్ళకి ఒక లెక్కా అనుకున్నాను. కానీ నేను 'పార' అనే మాట చెప్తే 'బంతి' అని వినిపిస్తోందంటున్నారు మా టీచర్. పోయిన వారం మా ఇంటి ఓనరమ్మతో 'శనివారం వస్తాం' అన్నాను. ఆవిడ 'కానీ?' అని అడిగి నా మొహంలోకి చూస్తూ నిలబడిపోయారు. నేనేం తప్పు పలికాను? ఈ జంట మాటల్ని ఎలా సాధన చెయ్యాలి మేడమ్?
ఒక విద్యార్థిని, పాడువా

సమాధానం:

మీకు ఒత్తులు బాగానే వచ్చి ఉంటాయి. పొరపాటు ఒత్తు లేని మాటల దగ్గర జరుగుతోంది. అందులోనూ హల్లు దగ్గర కాదు, దాని ముందున్న అచ్చు దగ్గర.

ముందు మన మాటలతోనే చూద్దాం. గడి, గాడి, గడ్డి. మూడూ మూడు వేరువేరు మాటలు. గడిలో అచ్చు పొట్టిది, హల్లు ఒంటరిది. గాడిలో అచ్చు సాగింది. గడ్డిలో అచ్చు పొట్టిగానే ఉంది, హల్లు నిలిచింది. ఇవి చాలవన్నట్టు మనకి నాలుగో రకం కూడా ఉంది: నాన్న, వాళ్ళు. అచ్చూ సాగుతుంది, హల్లూ నిలుస్తుంది. అచ్చు నిడివికీ హల్లు నిడివికీ తెలుగులో సంబంధం లేదు. దేని లెక్క దానిదే.

ఇటాలియన్‌లో ఆ రెండూ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. మాటలో ఊనిక పడే, అంటే నొక్కి పలికే, అక్షరాన్ని చూడండి. చాలా మాటల్లో అది చివరినుంచి రెండోది. దాని తర్వాత ఒంటరి హల్లుంటే ఆ అచ్చు సాగుతుంది. జంట హల్లుంటే అచ్చు పొట్టిగా తెగుతుంది. అంటే ఊనిక దగ్గర వాళ్ళకి గాడి ఉంది, గడ్డి ఉంది. గడి లేదు, నాన్న లేదు.

ఇప్పుడు మీ పార సంగతి. పారని వాళ్ళు 'పాల' అంటారు, మన తాగే పాలలాగే. బంతిని 'పల్ల' అంటారు. రోమన్ లిపిలో ఒకదాన్ని ఒక ఎల్‌తో, రెండోదాన్ని రెండు ఎల్‌లతో రాస్తారు. అచ్చు నిడివిని మాత్రం ఎక్కడా రాయరు. పుస్తకంలో ఒక్క ఎల్ కనపడగానే మీ నోరు 'పల' అనేస్తుంది, కల, తల, వల అన్నట్టు. తెలుగు చెవికి అది తప్పుగా తోచదు, ఒత్తు లేదు కదా అనుకుంటుంది. ఇటాలియన్ చెవికి మాత్రం 'పల' అనే మూస ఏ గూట్లోనూ పట్టదు. ఆ చెవి ప్రధానంగా కొలిచేది హల్లు నిడివే, కానీ దాన్ని ముందున్న అచ్చు పక్కన పెట్టి కొలుస్తుంది. అచ్చు పొట్టిగా ఉంటే దాని పక్కన మామూలు ల కూడా పొడుగ్గా కనపడుతుంది. మీ టీచర్‌కి పల్ల వినిపించడం అందుకే.

బళ్ళో ఛందస్సు చదివేటప్పుడు గురువు, లఘువు గుర్తించడం నేర్చుకున్నాం కదా. దీర్ఘం ఉంటే గురువు. ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు. సంయుక్తాక్షరానికి ముందున్నదీ గురువే. ఇటాలియన్ ఊనికకి ఇంతకంటే దగ్గరి దారి నాకు దొరకలేదు. ఊనిక మాట చివర పడితే తప్ప, అది పడ్డ అక్షరం గురువై తీరాలి. అది దీర్ఘంతోనైనా కావాలి, తర్వాతి జంట హల్లుతోనైనా కావాలి. రెండూ ఒకేసారి అక్కర్లేదు. తెలుగుని తూర్పుదేశపు ఇటాలియన్ అంటారు, మాటలు అచ్చులతో ముగుస్తాయని. నిజంగా పనికొచ్చే చుట్టరికం నాకు ఈ గురువు దగ్గర కనపడింది.

మనం రోజూ వినే హోటల్ మాటలే తీసుకోండి. పాలు కలిపిన కాఫీని ఇక్కడ 'లాటే' అంటున్నాం. ఇటాలియన్‌లో అది 'లత్తె'. హల్లుమీదున్న నిడివిని మనం అచ్చుమీదికి జరిపేశాం. 'కాపుచినో' అనేది 'కప్పుచ్చీనొ': రెండు ఒత్తులూ పోయాయి, దీర్ఘం మొదటి అక్షరంమీదికి ఎక్కింది. 'పాస్తా' అసలు 'పస్త'. అందులో జంట హల్లు లేకపోయినా స్త అనే సంయుక్తం ఉంది, దాని ముందు అక్షరం అప్పటికే గురువు, అచ్చు సాగాల్సిన పని లేదు. పిజ్జా మాత్రం కాస్త మేలు. హల్లు మారిపోయినా నిలుపు మిగిలింది. అసలు మాట 'పిత్స', త దగ్గర నాలుక ఒక్క క్షణం ఆగి స లోకి జారుతుంది.

అయితే ఛందస్సు సూత్రం ఒకచోట అతకదు. రేఫగానీ య గానీ రెండో హల్లుగా ఉన్న సంయుక్తం మనకి ముందక్షరాన్ని గురువు చేస్తుంది, వాళ్ళకి చెయ్యదు. అందుకే పుస్తకం 'లీబ్రొ' అవుతుంది, 'లిబ్రొ' కాదు. నకలు 'కోప్య'. జంట, దంపతులు అనే మాట 'కొప్ప్య', అందులో ప నిజంగా రెండుంది.

ఇక మీ శనివారం సంగతి. నన్నడిగితే మొత్తం ఒత్తుల పాఠంలో ఎక్కువ ఖర్చయ్యే పొరపాటు ఇదే. బంతీ పారా కలగలిసినా సందర్భం కాపాడుతుంది, ఎదురుగా ఉన్న వస్తువు చూసి అర్థం చేసుకుంటారు. క్రియ దగ్గర ఆ కాపుదల ఉండదు. 'వస్తాం' అనడానికి 'వెర్రేమొ'. 'వచ్చేవాళ్ళమే' అనడానికి 'వెర్రెమ్మొ'. రాతలో తేడా ఒక్క ఎమ్. పలుకులో తేడా రే సాగిందా, మ్మ నిలిచిందా అన్నది. మొదటిది మాట ఇవ్వడం. రెండోది ఏదో అడ్డం ఉందని చెప్పడం. మీరు పుస్తకంలో ఒక ఎమ్ చూసి, రే సాగదీయకుండా, 'వెర్రెమొ సాబతొ' అని ఉంటారు. ఆవిడకి అది వెర్రెమ్మొగా చేరింది: 'శనివారం వచ్చేవాళ్ళమే...' ఆ మాట తర్వాత ఎవరైనా 'కానీ' కోసమే చూస్తారు. ఆవిడ 'మ?' అని అడిగింది ఆ 'కానీ'నే.

ఇది ఒక్క క్రియతో పోదు. 'మనం, మేము' కర్తగా ఉన్నప్పుడు ప్రతి క్రియలోనూ భవిష్యత్తుకీ ఈ 'చేసేవాళ్ళం' రూపానికీ మధ్య ఉన్న తేడా అంతా ఆ చివరి మ నిడివే. చూస్తాం 'వెద్రేమొ', చూసేవాళ్ళం 'వెద్రెమ్మొ'. వెళ్తాం 'అంద్రేమొ', వెళ్ళేవాళ్ళం 'అంద్రెమ్మొ'. కాబట్టి మీ సాధనలో ఈ జత ముందు వరసలో ఉండాలి.

సాధనకి కూర్చునేటప్పుడు నేను పిల్లలతో మొదట చేయించేది ఇది. 'కప్పు' అనమంటాను. సగంలో ఆగమంటాను. 'కప్' దగ్గర పెదాలు మూసుకుని ఉంటాయి, లోపల గాలి బిగబట్టి ఉంటుంది. అలాగే ఒక క్షణం ఉండి 'పు' వదలమంటాను. ఆ మూసుకున్న క్షణమే ఒత్తు. రెండు ప లు పలకడం కాదు, ఒక్క ప ని వదలకుండా పట్టి ఉంచడం. అద్దం ముందు చేస్తే కనపడుతుంది. 'కపెల్లొ', అంటే వెంట్రుక, అన్నప్పుడు పెదాలు తగిలి విడిపోతాయి. 'కప్పెల్లొ', అంటే టోపీ, అన్నప్పుడు మూసుకుని ఆగుతాయి. త కి నాలుక కొన పై పళ్ళ వెనక అంటి ఆగుతుంది. న, మ, ల, స లకి ఆగడం ఉండదు, ధ్వని సాగుతూనే ఉంటుంది. రోమన్‌లో టి కనపడగానే మీ నోరు ట అంటుందేమో చూసుకోండి. ఇటాలియన్‌ది మన త.

ర దగ్గర ఇంకోలా ఉంటుంది. ఒంటరి ర కి నాలుక ఒక్కసారి తగులుతుంది, జంట ర్ర కి వరసగా అదురుతుంది. ప్రియమైన, ఖరీదైన అనే మాట 'కారొ'. బండి 'కర్రొ'. కర్ర, బుర్ర, గొర్రె అనే నోటికి కర్రొ కొత్తేమీ కాదు. మళ్ళీ కష్టం కారొ దగ్గరే, కా సాగదీయాలని గుర్తుండకపోవడం దగ్గరే.

ఆ తర్వాత ఒక కాగితంమీద జతల్ని తెలుగు లిపిలో రాసుకోండి. దీన్ని చిన్నతనంగా అనుకోవద్దు. రోమన్ లిపి దాచేసే అచ్చు నిడివిని మన లిపి కళ్ళముందు పెడుతుంది. చివరి అచ్చు ఎప్పుడూ పొట్టిదే కాబట్టి అక్కడ హ్రస్వం వెయ్యండి, నేను ఇక్కడ రాస్తున్నట్టు. ఫాతొ, ఫత్తొ: విధి, చేసినది. నోనొ, నొన్నొ: తొమ్మిదోది, తాతయ్య. నోతె, నొత్తె: గమనికలు లేదా స్వరాలు, రాత్రి. పేన, పెన్న: బాధ, కలం. సోనొ, సొన్నొ: ఉన్నాను, నిద్ర. ఇవి ఎంచి పెట్టినవి, ఒక్క నిడివి తప్ప ఏమీ మారని జతలు. పుస్తకాల్లో ఎక్కువగా ఇచ్చే 'సేతె, సెత్తె' అలాంటిది కాదు. దాహం అనే మాటలో ఎ కాస్త ముడుచుకుని ఉంటుంది, ఏడు అనే మాటలో విప్పుకుని ఉంటుంది, కనీసం ప్రమాణ ఉచ్చారణలో. కాస, కస్స కూడా అంతే. ఇల్లు అనే మాటలోని స ని మీ ఉత్తరాదివాళ్ళు జడ్ లా గరగరలాడిస్తారు. డబ్బు కట్టే కౌంటర్ కస్సలో అలా చెయ్యరు. మొదట్లో ఇవి పక్కన పెట్టండి, లేకపోతే మీ చెవి నిడివిని వదిలి ఆ రెండో తేడాని పట్టుకుని నేర్చుకున్నాననుకుంటుంది.

విడి మాటగా పలికితే అచ్చు బాగా సాగుతుంది, వాక్యంలో పడేసరికి కుదించుకుపోతుంది. అందుకని ప్రతి మాట ముందూ 'దీకొ' చేర్చండి, 'అంటున్నాను' అని. దీకొ ఫాతొ. దీకొ ఫత్తొ. దీకొ పేన. దీకొ పెన్న. దీకొ అన్నదాంట్లోనే ఒంటరి క ముందు సాగిన అచ్చు ఉంది కదా, అది తాళం పట్టి ఇస్తుంది. 'దికొ పెన్న' అనేస్తున్నారంటే రెండో మాట సరిగా ఉన్నా లెక్క తప్పినట్టే.

సరిగా వచ్చిందో లేదో చెవిని నమ్మొద్దు, కంటితో చూడండి. ఫోన్ రికార్డర్‌లోనైనా అల గీత కనపడుతుంది, కంప్యూటర్‌లో Praat అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంటే ఇంకా స్పష్టం. ఫాతొ, ఫత్తొ ఒకదాని తర్వాత ఒకటి రికార్డు చేసి పెద్దది చేసి చూడండి. త దగ్గర గీత చదునుగా పడుకుంటుంది, నాలుక అంటుకుని ధ్వని ఆగిన చోటు అది. ఫత్తొలో ఆ చదును, ఫాతొలోదానికి దాదాపు రెట్టింపు ఉండాలి. దాని ముందున్న అచ్చు ముద్ద ఫాతొలో పొడుగ్గా, ఫత్తొలో చిన్నగా ఉండాలి. తెలుగువాళ్ళ రికార్డింగుల్లో నేను పదేపదే చూసేది ఒకటే: రెండు చదునులూ చక్కగా వేరుగా ఉంటాయి, రెండు అచ్చు ముద్దలు మాత్రం ఇంచుమించు ఒకే పొడవు. చదును సరిగా ఉంది కదా అని అక్కడ ఆపేస్తారు. అచ్చులు కూడా విడిపోయేదాకా చెయ్యాలి.

తర్వాత ఇటలీవాళ్ళలో ఒకరిని కూర్చోబెట్టండి. జతల్లోని మాటల్ని చీటీలమీద రాసి కలిపి, ఒక్కొక్కటి తీసి చదవండి. వాళ్ళు విన్నది రాయాలి, మీ చీటీ చూడకూడదు. ఇరవై చీటీల్లో ఏవి తప్పాయో చూస్తే మీ జబ్బు తెలిసిపోతుంది. ఒంటరి హల్లు మాటలు జంటగా చేరుతుంటే అచ్చు సాగట్లేదు. జంటవి ఒంటరిగా చేరుతుంటే హల్లు నిలవట్లేదు, లేదా నాన్నలా అచ్చుకూడా సాగదీసి 'నోన్నొ' అంటున్నారు.

ఊనికకి ముందున్న ఒత్తు వేరే సంగతి. కపెల్లొ, కప్పెల్లొ చూడండి. ఊనిక పె మీద ఉంది. అసలు తేడా ఉన్న ప దానికి ముందే వచ్చేసింది. అక్కడ క లోని అచ్చు సాగదు, సాయం చెయ్యదు. నిడివి భారమంతా ప మీదే. ఇది మనకి సుళువైన చోటు, ఎందుకంటే తెలుగు అలవాటు అక్కడ ఉన్నదున్నట్టు పనికొస్తుంది. మొదటి అక్షరాన్ని 'కాపెల్లొ' అని సాగదీయకుండా ఉంటే చాలు.

మీరుంటున్న ఊరి గురించి ఒక మాట చెప్పాలి. పాడువా వేనెతొ ప్రాంతంలో ఉంది. అక్కడి మాండలికంలో జంట హల్లులు లేవు. అందమైనది అనే 'బెల్ల' అక్కడి ఇళ్ళల్లో 'బేల' అయిపోతుంది. ప్రమాణ ఇటాలియన్ మాట్లాడేటప్పుడు కూడా కొందరి నోట ఒత్తు పలచబడుతుంది. కూరగాయల దుకాణంలో విని నేర్చుకుంటే మీకు సరైన కొలత దొరకదు. మధ్య ఇటలీ, దక్షిణ ఇటలీ మనుషుల్ని, వార్తలు చదివేవాళ్ళని వినండి. అక్కడ ఒత్తు గట్టిగా ఉంటుంది, మాటకీ మాటకీ మధ్య కూడా పుడుతుంది. 'రోముకి' అనేది రాతలో ఒకే ఆర్‌తో విడివిడిగా ఉంటుంది, పలుకు మాత్రం 'అర్రోమ'. 'అది నిజం' అనేది 'ఎవ్వేరొ'. 'నిజంగానా' అనే 'దవ్వేరొ'లో ఆ ఒత్తు రాతలోకి కూడా ఎక్కింది. ఉత్తరాదిలో మాటల మధ్య ఈ ఒత్తు చెయ్యరు కాబట్టి మీరు అక్కడ పలక్కపోయినా ఎవరూ తప్పుపట్టరు. రోమ్ రైల్వే స్టేషన్‌లో విని కంగారుపడకుండా ఉండడానికి తెలిసి ఉంటే చాలు.

వయసు చెప్పే మాట ఒక్కటి ముందే సరిచేసుకోండి. సంవత్సరాలు 'అన్ని', మనం 'అన్నీ' అన్నప్పుడు వచ్చే న్న. అక్కడ ఒత్తు జారితే మలద్వారం అనే మాట బహువచనంలో వస్తుంది. ఎవరూ ఏమీ అనరు, కానీ డాక్టరు దగ్గరో ఆఫీసు కౌంటర్ దగ్గరో ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు మీకు బెరుకు ఉండకూడదు. ఇరవైమూడేళ్ళు అనాలంటే 'వెంతి త్రె అన్ని' అని కాకుండా అంకెనీ సంవత్సరాన్నీ కలిపేసి, న్న ని పట్టి ఉంచి చెప్పండి: 'వెంతిత్రెయన్ని'. తొందరలో మొదట పోయేది ఆ నిలుపే.

ఇక మీ ఓనరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. 'వెర్రేమొ సాబతొ' అనండి. రే ని గాడిలో గా సాగదీసినట్టు సాగదీయండి, మొ ని తేలిగ్గా వదిలేయండి. సాబతొలో ఊనిక మొదటి అక్షరంమీద ఉంది, బ ని తొందరగా దాటేయండి. ఆవిడ 'వి అస్పెత్తొ' అంటే, మీ కోసం చూస్తుంటాను అని, మీ మాట చేరినట్టు. ఆ అస్పెత్తొలో త్త దగ్గర ఆవిడ ఎంతసేపు ఆగుతుందో మాత్రం జాగ్రత్తగా వినండి. వేనెతొవాళ్ళ ఒత్తు ఎంత పలచబడిందో అక్కడ మీకే తెలుస్తుంది.